గోదావరి డెల్టాలో కొత్త కారు: జీరో డెప్ తీసుకున్నాక ఇంకా ఏ కవర్‌కి డబ్బు పెట్టాలి?

కిందటి నెల మా మేనల్లుడు పాలకొల్లు నుంచి ఫోన్ చేశాడు. కారు బుక్ చేశాడు, షోరూమ్ వాళ్లు ఇన్సూరెన్స్ కొటేషన్ వాట్సాప్‌లో పంపారు. "మావయ్యా, యాభై ఒక్క వేల ఆరొందలు అంటున్నారు. బంపర్ టు బంపర్ అంట, ఇంక రూపాయి కూడా మనం కట్టక్కర్లేదంట. ఓకే చెప్పేయనా?" అన్నాడు.

నేను పన్నెండేళ్లు ఒక వర్క్‌షాప్ బాడీషాప్‌లో ఎస్టిమేట్లు రాశాను. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వచ్చి నా ఎస్టిమేట్ మీద ఎర్ర పెన్నుతో ఏ లైన్ దగ్గర ఎంత కొట్టేస్తాడో చూస్తూనే ఆ పన్నెండేళ్లూ గడిచాయి. "బంపర్ టు బంపర్ ఉంది కదండీ, మళ్లీ డబ్బులేంటి?" అని కౌంటర్ దగ్గర నిలబడి అడిగిన మనుషుల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే వాడితో "ఒరేయ్, ఆగు. ఆ కాగితం నాకు పంపు" అన్నాను.

ఆ కొటేషన్‌లో జీరో డెప్ ఉంది, అంటే అరుగుదల పేరుతో విడిభాగాల ధరలో చేసే కోత లేకుండా చేసే కవర్. షోరూమ్ వాళ్లు బంపర్ టు బంపర్ అనేది దీన్నే. తాళం పోతే ఇచ్చే కవర్ ఉంది, టైర్ల కవర్ ఉంది, కారులో సామాను పోతే ఇచ్చే కవర్ ఉంది, నో క్లెయిమ్ బోనస్‌ని కాపాడే కవర్ కూడా ఉంది. ఇంజిన్ కవర్ మాత్రం లేదు. కాలువలూ పాయలూ లంకలూ ఉన్న మన ప్రాంతంలో కారు కొనేవాడికి ఇచ్చే కాగితంలో ముందు ఉండాల్సింది అదే.

ముందు అసలు పాలసీ ఏం ఇస్తుంది

థర్డ్ పార్టీ అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి. చట్టప్రకారం తప్పనిసరి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్లది ఒకేసారి కట్టాలి. 2022లో ప్రభుత్వం నిర్ణయించిన రేటు ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు కారుకి ఇది 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. ఈ భాగంలో ఏ కంపెనీ దగ్గరైనా రేటు ఒకటే, కాబట్టి ఇక్కడ బేరం ఉండదు.

మన కారుకి జరిగే నష్టానికి ఇచ్చేది ఓన్ డ్యామేజ్. ఈ రెండూ కలిస్తే కాంప్రహెన్సివ్. బేరం ఆడాల్సింది ఓన్ డ్యామేజ్ దగ్గర. ఒకే కారుకి, ఒకే విలువకి కంపెనీని బట్టి ఈ ఒక్క లైన్‌లోనే వేలల్లో తేడా వస్తుంది.

కాంప్రహెన్సివ్ అంటే ఏదో నామమాత్రపు పాలసీ అనీ, పైన డబ్బు కట్టి చేర్చుకునే యాడ్-ఆన్ కవర్లు లేకపోతే ఏమీ రాదనీ చాలామంది అనుకుంటారు. అది తప్పు. వరద, తుపాను, గాలివాన, పిడుగు, అగ్నిప్రమాదం, దొంగతనం అన్నీ మామూలు కాంప్రహెన్సివ్‌లోనే ఉన్నాయి. కొబ్బరి చెట్టు కింద పెట్టిన కారు మీద గెల పడి బోనెట్ సొట్టపోతే అది బయటి వస్తువు వల్ల జరిగిన ప్రమాదం, క్లెయిమ్ వస్తుంది. రోడ్డు మీద ఆరబెట్టిన వరిగడ్డి కారు కిందకి చుట్టుకుని, సైలెన్సర్ వేడికి అంటుకుని మంట లేస్తే అది అగ్నిప్రమాదం, వస్తుంది. పాలసీలో ఇంకో మాట కూడా ఉంటుంది, మన వాళ్లకి బాగా పనికొచ్చేది: రోడ్డు, రైలు, లోపలి జలమార్గాల్లో కారుని తీసుకెళ్తుండగా జరిగే నష్టం. అంటే సఖినేటిపల్లి రేవులో కారుని పంటు మీద ఎక్కించి నర్సాపురం వైపు దాటిస్తున్నప్పుడు దెబ్బ తగిలినా పాలసీ పనిచేస్తుంది.

మరి జేబులోంచి పడేది ఎక్కడ? మూడు చోట్ల. పాత విడిభాగం తీసి కొత్తది వేస్తే అరుగుదల పేరుతో కోసేది ఒకటి. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లాక జరిగే నష్టం ఇంకొకటి. కారు మొత్తం పోతే, మనం కట్టిన ధరకీ వాళ్లు ఇచ్చే విలువకీ మధ్య తేడా మూడోది. ఒక్కోదానికి ఒక్కో కవర్ ఉంది. జీరో డెప్ పనిచేసేది మొదటిదానికి మాత్రమే.

జీరో డెప్: ఎక్కడ ఆదా, ఎక్కడ కాదు

కోత ఎలా ఉంటుందో ముందు తెలియాలి. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకి సగానికి సగం కోస్తారు, కారు షోరూమ్ నుంచి నిన్ననే వచ్చినా సరే. ఫైబర్ భాగాలకి 30 శాతం. అద్దాలకి కోత లేదు. రేకు, ఇనుము భాగాలకి కారు వయసుని బట్టి: మొదటి ఆరు నెలలు ఏమీ లేదు, ఏడాది నిండేదాకా 5 శాతం, రెండో ఏడాది 10, మూడో ఏడాది 15, నాలుగో ఏడాది 25, ఐదో ఏడాది 35. రంగుకి అయితే, బిల్లులో రంగు ఖర్చంతా ఒకే అంకెగా ఉంటే అందులో పావు వంతుని సరుకు కింద లెక్కేసి దానిలో సగం తీసేస్తారు.

ఇది తెలిస్తే జీరో డెప్ గురించి సగం అపోహలు పోతాయి. ముందు అద్దం పగిలితే జీరో డెప్ ఉన్నా లేకపోయినా వచ్చేది ఒకటే. కొత్త కారు డోరు మొదటి ఆరు నెలల్లో సొట్టపోయినా రేకు వరకు కోత ఉండదు. ఆదా అంతా బంపర్లు, గ్రిల్లు, హెడ్‌లైట్లు, చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్ల దగ్గర. ఇప్పటి కార్ల ముందు భాగం చూడండి, బోనెట్, ఫెండర్లు తప్పితే దాదాపు అంతా ప్లాస్టిక్కే. మన కాలువ గట్టు రోడ్ల మీద దెబ్బ తగిలేది కూడా ముందు మూలకే: ఎదురుగా ట్రాక్టర్ ట్రక్కు వస్తుంది, ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె, ఇద్దరిలో ఒకరు ఆగాలి.

ఒక బిల్లు లెక్క వేద్దాం. 1197 సీసీ పెట్రోల్ కారు, వయసు 14 నెలలు. కొబ్బరికాయల ట్రాక్టర్ ఎడమ మూల గీసుకుపోయింది. బంపర్ 6,500, గ్రిల్ 2,500, హెడ్‌లైట్ 14,000, లైనర్ 1,000. ఇవన్నీ ప్లాస్టిక్, మొత్తం 24,000. ఫెండర్ రేకు 4,000. రంగు 10,000. లేబర్ 4,000. క్లిప్పులు, స్క్రూలు, కూలెంట్ లాంటి చిల్లర 800. మొత్తం బిల్లు 42,800 రూపాయలు.

జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్‌లో సగం 12,000, ఫెండర్ మీద 10 శాతం 400, రంగు మీద 1,250, మొత్తం 13,650 కోత. చిల్లర 800 అసలే ఇవ్వరు. తప్పనిసరి మినహాయింపు అని ప్రతి క్లెయిమ్‌కీ 1500 సీసీ లోపు కారుకి 1,000, పైదానికి 2,000 మనమే కట్టాలి. అంటే మన జేబులోంచి 15,450. జీరో డెప్ ఉంటే 1,800.

మా మేనల్లుడి కొటేషన్‌లో జీరో డెప్‌కి వేసింది జీఎస్టీ కాకుండా 4,800. మూడేళ్లకి పదిహేను వేల దాకా అనుకోండి. ఇలాంటి దెబ్బ మూడేళ్లలో ఒక్కసారి తగిలితే దాదాపు సరికి సరి, రెండుసార్లయితే లాభం. అమలాపురం, రాజోలు, భీమవరం చుట్టుపక్కల రోజూ కారు తిప్పేవాడికి మూడేళ్లలో ఒక్క దెబ్బ కూడా తగలకుండా ఉండటం నేనైతే అరుదుగా చూశాను. అందుకే తీసుకోమంటాను. ఇంకో సంగతి: రేకు మీద కోత ఏటా పెరుగుతుంది కాబట్టి నాలుగో, ఐదో ఏడాదిలో జీరో డెప్ వల్ల వచ్చే ఆదా మొదటి ఏడాది కంటే ఎక్కువ. చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు. ఒకసారి మానేస్తే తర్వాత మళ్లీ ఇవ్వడానికి కంపెనీ కారుని ఇన్‌స్పెక్షన్ అడగొచ్చు, లేదా ఇవ్వనే పోవచ్చు. పాలసీ మధ్యలో చేర్చుకోవడం కూడా కుదరదు.

ఇక జీరో డెప్ హద్దులు. చాలా పాలసీల్లో టైర్లకీ బ్యాటరీకీ ఇది వర్తించదు, వాటి సగం కోత అలాగే ఉంటుంది. చాలా కంపెనీలు ఏడాదికి రెండు క్లెయిములకే పరిమితి పెడతాయి. కొన్ని చవక ప్లాన్లలో పేరు జీరో డెప్పే కానీ ప్రతి క్లెయిమ్‌కీ అదనంగా కొంత మినహాయింపు ఉంటుంది. ప్రీమియం అనుమానం వచ్చేంత తక్కువగా కనిపిస్తే ముందు చూడాల్సింది అదే. జీరో డెప్ ఉంది కదా అని చిన్న గీతకి కూడా క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఆ బోనస్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆపైన 25, 35, 45, 50 దాకా పెరిగే తగ్గింపు. పైన చెప్పిన లాంటి కారుకి రెండో ఏడాదిలో ఒక్క క్లెయిమ్ పెడితే వచ్చే మూడేళ్లలో పోయే తగ్గింపు ఏడు వేల దాకా ఉంటుంది. కాబట్టి ఏడెనిమిది వేల లోపు బిల్లు అయితే చేతి నుంచి పెట్టుకోవడమే మేలు.

ఇంజిన్ కవర్: మన ప్రాంతంలో అసలైనది

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్లింది గుర్తుంది కదా. కోనసీమలో కాజ్‌వేలు మునిగాయి. నీరు తగ్గుముఖం పట్టాక మా పిన్నిగారబ్బాయి కారు తీసి ఊరి బయట రోడ్డు దాటబోయాడు. నీళ్లు మోకాలి కిందే కనిపించాయి. మధ్యలో రోడ్డు కోసుకుపోయి పల్లంగా ఉంది. కారు ఆగిపోయింది. వాడు ఏం చేశాడంటే, ఎవరైనా చేసేదే: స్టార్ట్ బటన్ మళ్లీ నొక్కాడు. రెండోసారి లోపల్నుంచి ఠక్కుమని శబ్దం వచ్చి, ఆ తర్వాత అసలు తిరగలేదు.

కారు మా వర్క్‌షాప్‌కి వచ్చినప్పుడు నేనే దగ్గరుండి చూశాను. ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీస్తే పేపర్ ఫిల్టర్ తడిసి ముద్దయి ఉంది, అడుగున ఒండ్రు. ఆయిల్ డిప్‌స్టిక్ లాగితే నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. అంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఇంజిన్ విప్పితే ఒక కనెక్టింగ్ రాడ్ విల్లులా వంగి ఉంది.

దీని వెనక కారణం సులువే. ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. గాలి పీల్చే గొట్టం ద్వారా నీళ్లు లోపలికి వెళ్లాక పిస్టన్‌ని బలవంతంగా పైకి తోస్తే ఏదో ఒకటి వంగాలి, వంగేది రాడ్డు. దీన్ని హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇక్కడ ఒక గీత గీస్తుంది. వరద నీళ్లు వచ్చి సీట్లు, కార్పెట్, వైరింగ్ పాడైతే అది వరద నష్టం, కాంప్రహెన్సివ్‌లో వస్తుంది. నీళ్లు వెళ్లిన తర్వాత ఇంజిన్ తిప్పడం వల్ల రాడ్డు వంగితే అది వరద చేసింది కాదు, ఆ తర్వాతి పర్యవసానం అంటారు. పర్యవసాన నష్టం మామూలు పాలసీలో రాదు.

మా వాడికి జీరో డెప్ ఉంది. దాని మీద వాడికి ఎంత నమ్మకమంటే, నేను చెప్పినా వినకుండా సర్వేయర్‌తో గంట వాదించాడు. ఎస్టిమేట్ లక్షా ఎనభై వేలు దాటింది. కంపెనీ ఒప్పుకున్నది లోపల శుభ్రం చేసే ఖర్చు, కొంత వైరింగ్, అంతే. మిగతాది అప్పు చేసి కట్టాడు. జీరో డెప్ పని కోత తీసేయడం. అసలు క్లెయిమే లేదన్న చోట తీసేయడానికి కోత ఏముంటుంది?

ఇంజిన్ కవర్ తీసుకుంటే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్‌షాఫ్ట్, సిలిండర్ హెడ్, చాలా పాలసీల్లో గేర్‌బాక్స్ లోపలి భాగాలు కూడా వస్తాయి. నీళ్లతో పాటు ఇంకో ప్రమాదానికి కూడా ఇది అక్కరకొస్తుంది: పుంత రోడ్డులో రాయికి తగిలి కింద ఆయిల్ చాంబర్ పగిలి, ఆయిల్ కారిపోయి ఇంజిన్ పట్టేయడం. మా మేనల్లుడికి ఈ కవర్ 1,900 అయింది. రెండు వేల లోపు డబ్బుకి లక్షన్నర, రెండు లక్షల ప్రమాదం తీరుతోంది. ఒక్క యాడ్-ఆన్‌కే డబ్బు ఉందంటే నేను జీరో డెప్ వదిలేసి ఇదే తీసుకోమంటాను. జీరో డెప్ లేకపోతే పడే దెబ్బ పది పదిహేను వేలు, ఎలాగో సర్దుకోవచ్చు. ఇంజిన్ పోతే ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తుంది.

దీనికీ షరతులున్నాయి. కారు నీళ్లలో ఆగాక మీరు మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశారని తేలితే ఈ కవర్ ఉన్నా కంపెనీ అడ్డం తిరగొచ్చు. నీళ్లు తగ్గాక కూడా కారుని రోజుల తరబడి అక్కడే వదిలేసి లోపల తుప్పు పట్టనిచ్చినా అంతే. కాబట్టి కారు నీళ్లలో ఆగిందంటే బటన్ జోలికి వెళ్లొద్దు. కుదిరితే బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. నీళ్లు డోరు మీద ఎంతవరకు వచ్చాయో ఆ గీత, చుట్టూ రోడ్డు కనపడేలా ఫోటోలు తీయండి. అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, కారుని తాడు కట్టి కాకుండా టోయింగ్ బండి మీద ఎక్కించి పంపండి. గేరులో ఉన్న కారుని ట్రాక్టర్‌కి కట్టి లాగితే చక్రాలతో పాటు ఇంజిన్ కూడా తిరిగి, బటన్ నొక్కినంత పనీ అవుతుంది. లంక గ్రామాల వాళ్లు రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో ముందే చూసుకోవాలి, ఎందుకంటే దగ్గర్లోని కంపెనీ వర్క్‌షాప్ చాలామందికి నది అవతల ఉంటుంది.

దీనితో పాటే కన్స్యూమబుల్స్ కవర్ తీసుకోండి, క్లిప్పులు, ఆయిల్, కూలెంట్ లాంటి చిల్లర ఖర్చు ఇచ్చేది ఇదే. మామూలు దెబ్బలో ఇది ఎనిమిది వందల చిల్లరే. నీళ్లు వెళ్లిన ఇంజిన్‌కి మాత్రం ఆయిల్ రెండు మూడుసార్లు పోసి కడగాలి, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఏసీ గ్యాస్ అన్నీ మార్చాలి. ఆ చిల్లరే అప్పుడు వేలల్లోకి వెళ్తుంది. కవర్ ధర తొమ్మిది వందలు.

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకి ఇంజిన్ లేదు కదా అని ఈ సంగతి వదిలేయకండి. వాళ్లు అడగాల్సింది బ్యాటరీ, మోటార్ కవర్ గురించి, అందులో నీటి నష్టం ఉందా లేదా అన్నదాని గురించి.

కారు మొత్తం పోతే

డ్యాష్‌బోర్డు దాకా మునిగిన కారుని బాగుచేయడం చాలాసార్లు గిట్టదు. మరమ్మతు ఖర్చు కారు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కింద తీసుకుంటారు. ఐడీవీ అంటే కంపెనీ మన కారుకి కట్టిన విలువ. కొత్త కారుకే షోరూమ్ ధరలో 5 శాతం తగ్గించి మొదలుపెడతారు, ఏడాది తిరిగేసరికి తగ్గింపు 15 శాతం, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30. ఇందులో మీరు కట్టిన లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ లెక్కలోకి రావు.

షోరూమ్ ధర 10 లక్షల కారుకి టాక్సులు, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో లక్షన్నర పెట్టారనుకుందాం. 14వ నెలలో కారు మునిగి పూర్తి నష్టమైతే వచ్చేది ఎనిమిదిన్నర లక్షలు. జీరో డెప్ ఉన్నా అంతే, పూర్తి నష్టంలో జీరో డెప్‌కి పనే లేదు. బిల్లు ధర, టాక్సులు తిరిగి ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ ఉంటే పదకొండున్నర లక్షలు. మూడు లక్షల తేడా. కవర్ ధర ఏడాదికి 2,400.

ఇది అందరికీ అవసరమని నేను అనను. ప్రమాదం చాలా అరుదు. కానీ రెండు రకాల వాళ్లు తప్పకుండా తీసుకోవాలి. చేతిలో తక్కువ పెట్టి ఎక్కువ లోన్ తీసుకున్న వాళ్లు ఒకరు: వచ్చిన డబ్బులోంచి ముందు బ్యాంకు తన బాకీ పట్టుకుంటుంది, మిగిలినదాంతో మళ్లీ కారు కొనడం కుదరదు. ఏటిగట్టుకి లోపలివైపు, లంకల్లో ఇల్లున్న వాళ్లు రెండోవాళ్లు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17.75 అడుగులకి. మీ వీధిలోకి నీళ్లు ఎన్ని అడుగులకి వస్తాయో మీకే బాగా తెలుసు. రెండో హెచ్చరికకే కారుని గట్టు మీదకి తీసుకెళ్లే అలవాటున్న ఇంట్లో ఈ కవర్ తీసుకోండి. పూర్తి డబ్బు పెట్టి కొని, మెరక మీద ఇల్లున్న వాళ్లు ఈ 2,400 మిగుల్చుకోవచ్చు. తీసుకుంటే మాత్రం టాక్సు, రిజిస్ట్రేషన్ తిరిగి ఇస్తారా, షోరూమ్ ధరేనా అన్నది అడగాలి, ఇది కంపెనీని బట్టి మారుతుంది. సాధారణంగా మొదటి ఓనర్‌కి, మొదటి మూడేళ్లకే ఇస్తారు.

ఒక జాగ్రత్త. ప్రీమియం తక్కువ చూపించడానికి ఐడీవీని కిందకి దించే ఏజెంట్లు ఉన్నారు. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ముందు ఐడీవీ ఒకటేనా అని చూడండి. లేకపోతే తక్కువ ధర చూసి మోసపోతారు.

మిగతావి

తాళం కవర్, సామాను కవర్ వద్దు. టైర్ల కవర్ 1,900 అన్నారు, మన రోడ్లకి టైరు పగిలే మాట నిజమే కానీ ఆ డబ్బులో ఇంజిన్ కవర్ వస్తుంది. నో క్లెయిమ్ బోనస్ కాపాడే కవర్ మొదటి ఏడాది ఎందుకు? కాపాడుకోవడానికి ఇంకా బోనస్ ఏదీ? రెండు మూడేళ్లు క్లెయిమ్ లేకుండా గడిచాక ఆలోచించొచ్చు.

అయితే పాత కారు అమ్మి కొత్తది కొనేవాళ్ల సంగతి వేరు. ఆ బోనస్ కారుది కాదు, మీది. పాత కారు పాలసీ మీద 50 శాతం బోనస్ ఉంటే, అమ్మిన కాగితాలు చూపించి ఆ కంపెనీ దగ్గర బోనస్ లెటర్ తీసుకోండి. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం సగం అవుతుంది. ఈ మాట షోరూమ్‌లో ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.

15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఓనర్‌కి తప్పనిసరి, కానీ మీకు ఇదివరకే అలాంటి పాలసీ ఉంటే మళ్లీ కట్టక్కర్లేదు.

షోరూమ్‌లోనా, బయటా

ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలని షోరూమ్ వాళ్లు బలవంతం చేయకూడదు. ఎక్కడ తీసుకున్నా మీ ఇష్టం. బయట పాలసీ తెచ్చుకోవాలంటే కారు ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఇవ్వమని అడగండి, అవి ఉంటే చాలు. కానీ నేను పూర్తిగా బయటే కొనమని చెప్పను. బిల్లు కంపెనీయే నేరుగా కట్టే క్యాష్‌లెస్ మీరు కారు బాగుచేయించే వర్క్‌షాప్‌లో పనిచేయాలి, అది పాలసీ కంటే ముఖ్యం. అందుకని మా మేనల్లుడికి చెప్పింది ఇదీ: అదే ఐడీవీతో బయట ఒక కొటేషన్ తీసుకో, తీసుకెళ్లి షోరూమ్ టేబుల్ మీద పెట్టు.

వాడు అలాగే చేశాడు. ఓన్ డ్యామేజ్ 24,000 ఉన్నది 16,000కి దిగింది. తాళం, టైర్లు, సామాను, బోనస్ కవర్లు నాలుగూ తీయించాడు. ఇంజిన్ కవర్, కన్స్యూమబుల్స్, రిటర్న్ టు ఇన్వాయిస్ చేర్పించాడు, వాడికి లోన్ ఎక్కువ కాబట్టి. జీరో డెప్ అలాగే ఉంచాడు. జీఎస్టీతో కలిపి 43,600 అయింది. ముందు చెప్పిన దానికంటే ఎనిమిది వేలు తక్కువ.

డెలివరీ రోజు దండా, కొబ్బరికాయా, ఫోటోలూ అయ్యాక తాళం చేతికి తీసుకునే ముందు పాలసీ పీడీఎఫ్ తెరిపించాను. మొదటి పేజీలో ప్రీమియం పట్టీలో ఒక్కో యాడ్-ఆన్ పేరు, దాని ఎదురుగా రూపాయలు ఉండాలి. కొటేషన్‌లో ఉండి పాలసీలో లేనిది ఏదైనా ఉంటే మార్పించాల్సింది అప్పుడే. వాడి కాగితంలో కన్స్యూమబుల్స్ పేరు కనిపించలేదు. కౌంటర్‌లో అమ్మాయి చూసి, "సారీ అండి, సిస్టమ్‌లో టిక్ పెట్టడం మర్చిపోయాం" అని ఇరవై నిమిషాల్లో సరిచేసిన పాలసీ తెప్పించి ఇచ్చింది. ఆ తర్వాతే బండి గేటు దాటింది.